సాయంత్రం 4:10 లోపు చెబితే

ఇ-ఇన్వాయిస్‌కి ఒక మొండి నియమం ఉంది. బిల్లు పోర్టల్‌లో నమోదై, దానికి ఐఆర్‌ఎన్ అనే 64 అక్షరాల నంబరు, క్యూఆర్ కోడ్ వచ్చేశాక ఇక దాన్ని దిద్దడానికి వీల్లేదు. ఒక్క అంకె తప్పుపడినా మొత్తం బిల్లును రద్దు చేసి మళ్లీ కొత్తది చేసుకోవాల్సిందే. ఆ రద్దుకైనా గడువు 24 గంటలే. గడువు దాటి ఒక్క నిమిషమైనా పోర్టల్ వినదు. టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలు ఇంకో వ్యాపారికి అమ్మే ప్రతి బిల్లుకూ 2023 ఆగస్టు 1 నుంచి ఇదే పద్ధతి.

అందుకే అకౌంట్స్ సెక్షన్లలో ఒకే తప్పుకు రెండు రకాల జాతకాలుంటాయి. ఇరవై మూడో గంటలో చెప్పిన తప్పు అరగంట పనితో పోతుంది. ఇరవై అయిదో గంటలో చెప్పింది నెలాఖరు దాకా ఫైళ్లలో తిరుగుతుంది. రెంటికీ తేడా తప్పు పరిమాణంలో లేదు, చెప్పిన వేళలో ఉంది. పై అధికారికి తప్పు చెప్పుకోవడాన్ని మనవాళ్లు ధైర్యానికో నిజాయితీకో పరీక్షగా చూస్తారు. బిల్లింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చూస్తే అది ముందుగా గడియారం చూసుకునే పని.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఇలాంటివి బిల్లింగ్ సెక్షన్లకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో ఒక పీవీసీ పైపుల కంపెనీ. దాని కస్టమర్‌కి హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ బ్రాంచీలున్నాయి. రెండు రాష్ట్రాలు కాబట్టి రెండు జీఎస్టీ నంబర్లు. తెలంగాణది 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది. పేరు మాత్రం ఒకటే. ట్యాలీలో ఆ పేరు కొట్టగానే రెండు లెడ్జర్లు ఒకదాని కింద ఒకటి వస్తాయి. 18వ తేదీ సాయంత్రం 4:10కి బిల్లింగ్ చూసే అమ్మాయి విజయవాడ ఆర్డరుకు పై లైను మీద ఎంటర్ కొట్టేసింది. సరుకు విలువ 4 లక్షలు, 18 శాతం పన్ను 72,000. విజయవాడకు వెళ్లే సరుకు కాబట్టి పడాల్సింది ఐజీఎస్టీ. హైదరాబాద్ నంబరు ఎంచుకోవడంతో సీజీఎస్టీ 36,000, ఎస్‌జీఎస్టీ 36,000 పడ్డాయి. మొత్తం అంకె ఒకటే కావడంతో బిల్లు చూసిన ఎవరికీ అనుమానం రాలేదు. ఐఆర్‌ఎన్ వచ్చింది, ఇ-వే బిల్లు వచ్చింది, సరుకు ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌కి చేరింది.

మర్నాడు పొద్దున పదకొండున్నరకి ట్రాన్స్‌పోర్ట్ గుమస్తా ఫోన్ చేశాడు. “అమ్మా, బిల్లు మీద హైదరాబాద్ అడ్రసుంది. మీవాళ్లేమో సరుకు విజయవాడ అంటున్నారు. ఎల్‌ఆర్ ఏ ఊరికి రాయమంటారు?”

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

ఆ ఫోను పెట్టేసిన రెండు నిమిషాల్లో ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన, ట్యాలీలో ఓచరు తెరిచి పార్టీ పేరు మార్చేసి సేవ్ చేద్దామని. కంప్యూటర్లో బిల్లు సరిగ్గానే కనబడుతుంది. అయితే ఐఆర్‌ఎన్ పోర్టల్‌లో పాత బిల్లు పాత నంబరు మీదే ఉంటుంది. అక్కడి నుంచి అది తనంత తానే జీఎస్టీఆర్-1లోకి వచ్చి కూర్చుంటుంది. నెల తిరిగాక పుస్తకానికీ పోర్టల్‌కీ పొంతన కుదరదు. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ ఉండి తీరాలన్నది చట్టం. ఏ ఓచరును ఎవరు, ఎప్పుడు మార్చారో అందులో నమోదవుతుంది. దాన్ని ఆపేయడానికి వీల్లేదు. నిన్నటి దాకా పొరపాటుగా ఉన్నది, ఈ ఒక్క సేవ్‌తో కప్పిపుచ్చడం అవుతుంది, అదీ సాక్ష్యంతో సహా.

రెండో ఆలోచన ఇంకా మెత్తగా వస్తుంది. ‘వాళ్ల రెండు బ్రాంచీలూ ఒకే ఓనరువి కదా, వాళ్లే సర్దుకుంటారులే.’ సర్దుకోరు. జీఎస్టీ లెక్కలో ఒకే కంపెనీ రెండు రాష్ట్రాల బ్రాంచీలు ఇద్దరు వేరు మనుషులు. హైదరాబాద్ నంబరు మీద పడిన పన్నుకు విజయవాడ బ్రాంచికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. వచ్చే నెల 14న వాళ్ల జీఎస్టీఆర్-2బి తయారైనప్పుడు అందులో ఈ బిల్లు కనబడదు. కనబడని బిల్లుకు పన్ను డబ్బు ఆపేయడం ఇప్పుడు చాలా కంపెనీల్లో మామూలు. అంటే 72,000 బాకీ పడుతుంది, వసూలుకు తిరగాల్సింది సేల్స్ వాళ్లు.

మన ఉదాహరణలో అమ్మాయి ఈ రెండూ చేయలేదు. అలాగని ఫోను పెట్టేసి నేరుగా మేనేజర్ గదిలోకీ పరిగెత్తలేదు. పావుగంట కూర్చుని కొన్ని సంగతులు చూసుకుంది. బిల్లు ప్రింట్ మీద అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు పక్కనే దాని తేదీ, టైము ఉంటాయి. 24 గంటలు లెక్కపెట్టాల్సింది అక్కడి నుంచే. చూస్తే 4:10, అంటే ఇంకా నాలుగు గంటలకు పైనే ఉంది. ట్రాన్స్‌పోర్ట్‌కి తిరిగి ఫోన్ చేసి సరుకు ఎక్కడుందో అడిగింది. గోడౌన్‌లోనే ఉంది, లారీ రాత్రి ఎనిమిదికి. నేను చెప్పేదాకా కదపొద్దని చెప్పింది. కస్టమర్ పంపిన పర్చేజ్ ఆర్డరు తీసి అందులో ఉన్న జీఎస్టీ నంబరు 37తోనే మొదలవుతోందని చూసుకుంది.

చివరిగా చేసిన పనే అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువ మంది మరిచిపోయేదీ అదే. ఆ హైదరాబాద్ లెడ్జరు తెరిచి, ఈ నెలలో తాను దాని మీద చేసిన మిగతా బిల్లులన్నీ చూసింది. 12వ తేదీన ఇంకోటి దొరికింది. సరుకు 90,000, పన్ను 16,200. అది కూడా విజయవాడ ఆర్డరే. సరుకు చేరిపోయింది, 24 గంటలు ఎప్పుడో దాటిపోయాయి, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నిజమైన పరీక్ష ఇది. మొదటి బిల్లు సంగతి ఎలాగూ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల ద్వారా బయటపడేదే. రెండోది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక తప్పు చెప్పి రెండోది దాచుకుంటే మూడు వారాల తర్వాత అది బయటపడినప్పుడు మొదటి దాని గురించి చెప్పిన మాటకు కూడా విలువ పోతుంది. మేనేజర్ మనసులో వచ్చే ప్రశ్న ఒకటే: ‘ఇంకెన్ని ఉన్నాయో?’ ఆ ప్రశ్న ఒకసారి పుడితే అవతలి మనిషి చేసిన ఏడాది బిల్లులన్నీ తిరగేయించే దాకా పోదు.

మేనేజర్ బ్యాంకు వాళ్లతో మీటింగ్‌లో ఉన్నాడు. ఫోన్ ఎత్తలేదు. ఇలాంటప్పుడు మన ఆఫీసుల్లో మామూలుగా వెళ్లే వాట్సాప్ మెసేజ్ ఇలా ఉంటుంది: “సార్, చిన్న ఇష్యూ ఉంది. మీరు ఫ్రీ అయ్యాక మాట్లాడతాను.” చూడ్డానికి మర్యాదగా ఉంది. కానీ ఇందులో ఇష్యూ ఏమిటో లేదు, ఎంతదో లేదు, ఎప్పటి లోపు తేలాలో అసలే లేదు. చిన్నదన్నాక పెద్దాయన తీరుబడిగా భోంచేసి, అయిదింటికి ఫోన్ చేస్తాడు. అప్పటికి 4:10 దాటిపోయి ఉంటుంది. తర్వాత ‘నేను పన్నెండింటికే మెసేజ్ పెట్టాను కదా సార్’ అనడానికి అది పనికొస్తుందేమో గానీ, బిల్లుకు పనికిరాదు. దీనికి పూర్తిగా ఎదురు రకం కూడా ఉంది. ‘సారీ సార్, ఎలా జరిగిందో తెలీదు సార్, ఆ రోజు నాకు ఒంట్లో బాలేదు, పైగా సర్వర్ స్లో’ అంటూ పది లైన్లు సాగి, బిల్లు నంబరు పదకొండో లైనులో వస్తుంది. చదివేవాడికి ముందు కావాల్సింది క్షమాపణ కాదు.

ఆమె పెట్టిన మెసేజ్ ఇది:

“సార్, అర్జెంట్. నా వల్ల ఒక బిల్లు తప్పుపడింది. నిన్న 4:10కి చేసిన 4,72,000 బిల్లు విజయవాడ బ్రాంచికి బదులు హైదరాబాద్ బ్రాంచి జీఎస్టీ నంబరు మీద వెళ్లింది. ఐజీఎస్టీ 72,000 పడాలి, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరి 36,000 పడ్డాయి. సరుకు ఇంకా ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌లోనే ఉంది, లారీ రాత్రి 8కి, కదపొద్దని చెప్పాను. క్యాన్సిల్ చేయడానికి ఈరోజు సాయంత్రం 4:10 వరకే టైముంది. మీరు సరేనంటే ముందు ఇ-వే బిల్లు, తర్వాత ఐఆర్‌ఎన్ క్యాన్సిల్ చేసి కొత్త నంబరుతో బిల్లు చేస్తాను. ఇంకోటి సార్. 12వ తేదీ బిల్లు కూడా ఇలాగే పడింది, పన్ను 16,200. దానికి టైము దాటిపోయింది, క్రెడిట్ నోట్ ఇవ్వాలి. వాళ్ల హైదరాబాద్ బ్రాంచి దాని క్రెడిట్ తీసుకుంటుందో ఏమో ఇంకా తెలీదు, అడగమంటే అడుగుతాను.”

ఇందులో ఎవరి తప్పో మొదటి లైనులోనే తేలిపోయింది. ‘సిస్టమ్ తప్పు తీసుకుంది’ అని మన ఆఫీసుల్లో ఓ మాట చలామణీలో ఉంది. అది వినగానే మేనేజర్ సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేస్తాడు, ఒక గంట అటు పోతుంది. డబ్బు విషయం అంకెల్లో ఉంది. తెలిసినదాన్ని తెలిసినట్టు, తెలియనిదాన్ని తెలియనట్టు రాసింది. సరుకు ఆపమని చెప్పడం వరకు తనంత తాను చేసింది, ఎందుకంటే ఆ పని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. బిల్లు రద్దు చేయడం అలా కాదు, ఒకసారి చేస్తే అయిపోయినట్టే. అందుకే దానికి ‘మీరు సరేనంటే’ అని ఆగింది.

ఆ ఆగడంలో ఒక ఒడుపుంది. తప్పు చేసిన మనిషికి చేతులు ఊరుకోవు, వెంటనే ఏదో ఒకటి చేసి సరిపెట్టేయాలనిపిస్తుంది. ఈ కేసులో ముందుగా ఐఆర్‌ఎన్ రద్దు చేయబోతే పోర్టల్ ఒప్పుకోదు. దాని మీద ఇ-వే బిల్లు బతికి ఉన్నంత వరకు ఐఆర్‌ఎన్ రద్దు కాదు. ఇ-వే బిల్లు కూడా 24 గంటల లోపే రద్దు చేయాలి, అదీ దారిలో అధికారులు తనిఖీ చేసి ఉండకపోతేనే. రద్దయిన బిల్లు నంబరు మళ్లీ వాడటానికి లేదు. అందుకే కొత్త నంబరు అవసరం. అది కస్టమర్ పర్చేజ్ విభాగానికి ముందుగా చెప్పకపోతే పాత నంబరుతో సరుకు దింపుకోవడానికి వాళ్లు కూర్చుని ఉంటారు. ఒక్క బిల్లు వెనక ఇంతమంది ఉన్నారు. వీళ్లందరితో మాట్లాడే అధికారం మేనేజర్‌కి ఉంది, బిల్లింగ్ అమ్మాయికి లేదు.

మేనేజర్ మీటింగ్ మధ్యలోనే ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగాడు. “సరుకు కదల్లేదని నువ్వు రూఢి చేసుకున్నావా అమ్మా? ఆ లెడ్జర్‌లో ఈ నెల ఇంకేమీ లేవుగా?” రెంటికీ జవాబు దగ్గరుంది. ఒంటిగంటన్నరకల్లా పాత ఇ-వే బిల్లు, పాత ఐఆర్‌ఎన్ రద్దయ్యాయి. విజయవాడ నంబరు మీద కొత్త బిల్లు, కొత్త ఇ-వే బిల్లు ట్రాన్స్‌పోర్ట్‌కి చేరాయి. లారీ రాత్రి ఎనిమిదికే బయల్దేరింది. 12వ తేదీ బిల్లుకు మాత్రం క్రెడిట్ నోట్, కొత్త బిల్లు, కస్టమర్ రెండు బ్రాంచీలకూ వివరంగా ఒక మెయిల్. వచ్చే నెల 11 లోపు జీఎస్టీఆర్-1 వేయాలి కాబట్టి అది అందులోనే సర్దుకుంటుంది. రిటర్న్ ఇంకా వేయలేదు కనక బతికిపోయారు.

అదే సాయంత్రం అయిదింటికి తేలి ఉంటే? ఐఆర్‌ఎన్ రద్దు మూసుకుపోయేది, పెద్ద బిల్లుకూ క్రెడిట్ నోట్ దారే మిగిలేది. అది కూడా పెద్ద నష్టం కాదు. రాత్రి ఎనిమిది దాటి లారీ హైవే ఎక్కాక అయితే లెక్క మారుతుంది. హైదరాబాద్‌లో దింపాల్సినట్టు రాసి ఉన్న ఇ-వే బిల్లుతో విజయవాడ దారిలో పట్టుబడితే సరుకు ఆపేసే అధికారం తనిఖీ అధికారికి ఉంది. సెక్షన్ 129 కింద సరుకు యజమాని ముందుకొచ్చి విడిపించుకోవాలంటే పన్నుకు రెట్టింపు జరిమానా కట్టాల్సి రావచ్చు. ఇక్కడ అది 1,44,000. చిన్న పొరపాటని వాదించుకోవచ్చు, చాలాసార్లు గెలవచ్చు కూడా. కానీ వాదన తేలేవరకు లారీ, డ్రైవరు, సరుకు రోడ్డు పక్కనే. ఇక రెండు రిటర్న్‌లూ వేసేశాక, ఆ పన్ను ఖజానాకు చేరిపోయాక తేలితే ఐజీఎస్టీ మళ్లీ కొత్తగా కట్టి, పొరపాటున కట్టిన సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలను వాపసు అడగాల్సి రావచ్చు. దీనికి చట్టంలోనే దారి ఉంది. వడ్డీ వేయరు, అడగడానికి రెండేళ్ల గడువిస్తారు. అయినా 72,000 రెండుసార్లు కట్టి ఒకసారి కట్టినదాని కోసం ఎదురుచూడటం చిన్న కంపెనీకి తేలికేమీ కాదు.

గంటలు కూడా ఇవ్వని తప్పులున్నాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాత్రిపూట పని చేస్తున్న ఒక ఇంజినీరు, డూప్లికేట్ సర్వర్‌లో డేటా తుడిచేస్తున్నాననుకుని అసలు సర్వర్‌లో డిలీట్ కమాండ్ కొట్టాడు. ఒకటి రెండు క్షణాల్లో తెలిసి ఆపేశాడు. అప్పటికి దాదాపు 300 జీబీ డేటాలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. ఆ నిమిషం నుంచి జరిగిందంతా బయటి ప్రపంచానికి కూడా తెలిసేలా చేశారు. పొరపాటున డేటా పోయిందని కంపెనీ బహిరంగంగా ప్రకటించింది. బాగుచేసే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. బ్యాకప్‌ల కోసం వెతికితే ఒక్కొక్కటీ పనిచేయడం లేదని తేలింది. రోజూ తీయాల్సిన బ్యాకప్ ఎన్నాళ్లుగానో విఫలమవుతోంది, విఫలమైందని చెప్పే మెయిళ్లు ఎవరికీ చేరడం లేదు. చివరికి కాపాడింది అదే ఇంజినీరు ఆ సాయంత్రం వేరే పని కోసం తీసి పెట్టుకున్న స్నాప్‌షాట్. ఆరు గంటల డేటా పోయింది, మిగతాది దక్కింది. సైటు తిరిగి లేవడానికి దాదాపు 18 గంటలు పట్టింది.

ఆయన నోరు విప్పకుండా ఒంటరిగా తంటాలు పడి ఉంటే ఆ స్నాప్‌షాట్ గురించిన సంగతి కూడా ఆయన దగ్గరే ఉండిపోయేది. తప్పు చేసినవాడి దగ్గరే మరమ్మతుకు కావాల్సిన సమాచారంలో సగం ఉంటుంది. ఇది మేనేజర్లు ఎక్కువగా గుర్తించని విషయం. కంపెనీ తర్వాత వేసిన నివేదికలో ఆయన్ని ‘టీమ్ మెంబర్-1’ అని మాత్రమే రాశారు. తప్పెవరిదన్న దాని కంటే బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదన్న దాని మీదే ఎక్కువ పేజీలు ఖర్చు పెట్టారు.

దాచిపెట్టిన తప్పు ఎంత దూరం పోతుందో చెప్పడానికి బేరింగ్స్ బ్యాంకును మించిన ఉదాహరణ లేదు. 1762లో మొదలైన ఈ లండన్ బ్యాంకు సింగపూర్ ఆఫీసులో 1992 జులైలో కొత్తగా చేరిన ఒక ఉద్యోగిని, 20 కాంట్రాక్టులు కొనమంటే అమ్మేసింది. నష్టం 20,000 పౌండ్లు. ఆ రోజే లండన్‌కి చెబితే చీవాట్లతో పోయేది. అక్కడి ట్రేడింగ్ చూసే నిక్ లీసన్ చెప్పలేదు. 88888 అనే ఎర్రర్ ఖాతాలో దాచాడు. దాన్ని పూడ్చడానికి పందాలు వేశాడు, వాటి నష్టాలూ అక్కడే పెట్టాడు. 1994 చివరికి అందులో 20 కోట్ల పౌండ్లకు పైగా నష్టం పేరుకుంది. 1995 ఫిబ్రవరిలో బయటపడేసరికి 82.7 కోట్లు. రెండు శతాబ్దాలు దాటిన బ్యాంకును డచ్ సంస్థ ఐఎన్‌జీ ఒక్క పౌండుకు కొనుక్కుంది, లీసన్ సింగపూర్ జైలుకు వెళ్లాడు. ఇది తర్వాత మోసంగా మారిన కథ, నిజమే. కానీ మొదటి రోజు అందులో ఉన్నది తన కింది ఉద్యోగిని పొరపాటు ఒక్కటే.

ఇదంతా విన్నాక ‘మా మేనేజర్‌కి చెబితే అరుస్తాడు, ఎవరు చెబుతారు?’ అంటారు చాలామంది. ఆ మాటలో న్యాయం ఉంది. ముందుగా చెప్పినవాడికీ, దొరికిపోయినవాడికీ ఒకే శిక్ష పడే చోట ముందుగా చెప్పేవాడు తెలివితక్కువవాడే అవుతాడు. విమానరంగం ఈ చిక్కును 1970ల్లోనే గుర్తించింది. అమెరికాలో 1976లో మొదలైన ఒక పద్ధతి ప్రకారం పైలట్లు తమ పొరపాట్లను నాసాకు రాసి పంపుతారు. విమానయాన నియంత్రణ సంస్థకు కాదు, నాసాకు. అక్కడ పేర్లు తీసేస్తారు. కావాలని చేసింది, నేరం, ప్రమాదం కాకుండా ఉండి, సంఘటన జరిగిన పది రోజుల్లో రాసి పంపి ఉంటే, తర్వాత ఆ ఉల్లంఘన వేరే దారిలో బయటపడినా మామూలుగా జరిమానా గానీ, లైసెన్సు సస్పెన్షన్ గానీ వేయరు. పది రోజులు దాటితే ఆ రక్షణ ఉండదు. ఇంత పెద్ద పద్ధతి చిన్న ఆఫీసులో పెట్టలేకపోవచ్చు. కానీ ముందుగా చెప్పడానికి ఏదో ఒక లాభం ఉండాలన్న సూత్రం మాత్రం పెట్టొచ్చు. ఆ పైపుల కంపెనీ మేనేజర్ ‘ఎందుకు చేశావు’ అని కాకుండా ‘సరుకు కదల్లేదుగా’ అని మొదలుపెట్టడమే ఆ అమ్మాయికి దొరికిన లాభం. ‘ఎందుకు’ అన్న ప్రశ్న సాయంత్రం ఆరింటికి వచ్చింది. అప్పటికి దాని జవాబు కూడా తయారుగా ఉంది. రెండు లెడ్జర్లకు ఒకే పేరు ఉండటమే కారణం. ఆ రాత్రికే ఒకదాని చివర ‘హైదరాబాద్ 36’, ఇంకోదాని చివర ‘విజయవాడ 37’ అని చేర్చారు. అదే రకంగా రెండు రాష్ట్రాల్లో ఉన్న మిగతా కస్టమర్ల పేర్లూ మార్చారు.

అరిచే మేనేజరే దొరికితే? ఫోన్లో చెప్పాక కూడా మెసేజ్‌లో టైముతో సహా రాసి పెట్టడం మంచిది. గడువు ఎప్పుడో, ఏం చేయమని తాను అడిగిందో అందులో ఉండాలి. పెద్దాయన అరిచి, నిర్ణయం తీసుకోకుండా వదిలేసినా, 4:10 ఎవరి చేతిలో దాటిపోయిందో రికార్డులో ఉంటుంది. ఒకే తప్పు మూడోసారి చేసినవాడికి మాత్రం ఈ మర్యాదలేవీ వర్తించవు. ముందుగా చెప్పడం అన్నిటినీ మాఫీ చేయదు.

పరిష్కారం ఆలోచించుకుని వెళ్లమన్న సలహాకు ఒక మినహాయింపు ఉంది. అకౌంట్స్ వాళ్లకు ఈమధ్య బాస్ ఫొటో పెట్టుకున్న కొత్త నంబరు నుంచి వాట్సాప్ వస్తోంది. ‘మీటింగ్‌లో ఉన్నాను, ఈ ఖాతాకు వెంటనే వెయ్యి’ అని. వేశాక అది మోసమని తెలిస్తే పావుగంట కూర్చుని వివరాలు పోగుచేయడం పిచ్చిపని. ముందు 1930కి, బ్యాంకుకు ఫోన్ కొట్టాలి, అదే ఊపిరిలో యజమానికి చెప్పాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పారిపోయేలోపు ఆపగలిగితేనే కాస్త ఆశ. అలాగే అనుమానపు లింకు నొక్కి కంప్యూటర్‌లోకి వైరస్ తెచ్చుకున్నవాళ్లు దాన్ని తామే శుభ్రం చేయబోకూడదు. ఐటీ వాళ్లకు చెప్పి చేతులు తీసేయాలి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సైబర్ సంఘటనలను కంపెనీ గుర్తించిన ఆరు గంటల్లో తెలియజేయాలి. ఉద్యోగి మూడు గంటలు మొహమాటపడితే, జరిగినదాన్ని తెలుసుకుని అడ్డుకట్ట వేసే అవకాశంలో మూడు గంటలు వైరస్‌కే పోయినట్టు.

మామూలు బిల్లింగ్ తప్పులకు అంత హడావిడి అక్కర్లేదు. ఇ-ఇన్వాయిస్ చేసే ప్రతి ఆఫీసులో పొద్దున పదింటికి, నిన్న తీసిన బిల్లుల జాబితా ఒకటి ప్రింట్ తీసి, చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు జీఎస్టీ నంబర్లలో మొదటి రెండంకెలు, ఊరు, పన్ను రకం చూసుకుంటే చాలు. యాభై బిల్లులకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ టైముకి నిన్న పదింటి తర్వాత చేసిన ప్రతి బిల్లూ ఇంకా రద్దు చేసుకోదగ్గదే. మీ ఆఫీసులో ఆ జాబితా ఎవరూ చూడటం లేదంటే రేపటి నుంచే ఎవరికైనా అప్పజెప్పండి, అందులో తప్పు దొరికితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అప్పుడే చెప్పేయండి.